30 రోజుల గడువు 60 కావాలంటే సప్లయర్‌ని ఎలా అడగాలి?

ప్రశ్న: అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్ నాది. షీట్లన్నీ నాలుగేళ్లుగా ఒకే సప్లయర్ దగ్గర కొంటున్నాను. నిరుడు నెలకు 5 లక్షల సరుకు తీసుకునేవాణ్ణి, ఇప్పుడు 8 లక్షలయింది. బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లో కట్టాలి. నా కస్టమర్లు 45 రోజులకు గానీ ఇవ్వరు. మధ్యలో 12 శాతం వడ్డీకి ఓవర్‌డ్రాఫ్ట్ వాడుతున్నాను. గడువు 60 రోజులు చేయమని అడగాలనుంది. డబ్బు ఎప్పుడూ ఎగ్గొట్టలేదు. ఎలా అడిగితే ఒప్పుకుంటారు?

జవాబు: ముందు ఒక్కసారి ఆయన కుర్చీలో కూర్చుని లెక్క చూడండి. ఇప్పుడు ఏ రోజు చూసినా మీరు ఆయనకు సుమారు 8 లక్షలు బాకీ ఉంటారు. గడువు 60 రోజులైతే ఆ బాకీ 16 లక్షలవుతుంది. ఆ అదనపు 8 లక్షలు ఆయనా ఎక్కడో అప్పు తేవాల్సిందే. ఆయన వడ్డీ కూడా 12 శాతమే అనుకుంటే నెలకు 8,000 ఖర్చు. అంటే మీ నెల కొనుగోలులో సరిగ్గా 1 శాతం. మీరు అడిగేది గడువే అయినా, ఆయనకు అది ధరలో 1 శాతం తగ్గింపు, పైగా మునిగితే పోయే మొత్తం రెండింతలు. ఈ రెండు భయాలకూ మీ ఉత్తరంలో జవాబుండాలి. తగ్గింపు సంగతికి మీ ఆర్డర్లు జవాబు చెబుతాయి, మునిగిపోతాననే భయానికి మీ చెల్లింపుల చరిత్ర.

చరిత్ర అంటే "ఎప్పుడూ ఎగ్గొట్టలేదు" అన్న మాట కాదు. అది అందరూ చెప్పే మాటే. గత 12 నెలల లెడ్జర్ తీసి ఒక్కో బిల్లుకూ కట్టాల్సిన తేదీ, డబ్బు ఆయన ఖాతాలో పడ్డ తేదీ, మొత్తం పక్కపక్కన రాయండి. చెక్కు మీద వేసిన తేదీ లెక్కలోకి రాదు, పడ్డ తేదీయే చూడాలి. 26 బిల్లుల్లో 23 సమయానికి కట్టి, మూడు ఆలస్యమై, అందులో ఎక్కువ ఆలస్యం 5 రోజులు అని తేలితే ఉన్నదున్నట్టు అదే రాయండి. ఆ మూడూ దాచిపెడితే లాభం లేదు, ఆయన పుస్తకంలో ఎలాగూ ఉంటాయి. షీట్లు తడిసి వచ్చాయనో, తూకం తగ్గిందనో ఏదైనా బిల్లు ఆపి ఉంటే ఆ కారణం పక్కనే రాయాలి, లేకపోతే అది కూడా ఆలస్యంగానే కనబడుతుంది.

లెక్క తీశాక మూడో వంతు బిల్లులు ఆలస్యమని తేలితే మాత్రం ఇప్పుడు అడగకండి. మీరు చెప్పకుండానే 40 రోజులు వాడుకుంటున్నారని ఆయనకు అప్పటికే తెలుసు. మూడు నెలలు తేదీ తప్పకుండా కట్టి, ఆ తర్వాత అడగండి.

ఇక ఆర్డర్ల విషయం. "మీ దగ్గర ఏడాదికి ఇంత కొంటున్నాం" అని మొత్తం చెప్పడం నాకు చాలదనిపిస్తుంది. పెద్ద మొత్తం అంటే ఆయనకు పెద్ద అమ్మకమే కాదు, పెద్ద రిస్క్ కూడా. నెలవారీ అంకెలు ఇవ్వండి, 5 నుంచి 8కి ఎలా పెరిగిందో కనబడుతుంది. రాబోయే ఆరు నెలలకు కనీస కొనుగోలు మాట కూడా ఇవ్వండి. ఆ మాట మీ సగటు మీద ఇవ్వకండి. ఈ మధ్య నెలల్లో అన్నిటికంటే తక్కువ కొన్నది 6.5 లక్షలైతే, 6.5కే మాట ఇవ్వండి. నిలబెట్టుకోలేని మాటతో సంపాదించిన గడువు మొదటి మందకొడి నెలలోనే పోతుంది.

చాలామంది మరిచిపోయేది క్రెడిట్ లిమిట్. సప్లయర్లు రోజులతో పాటు మొత్తానికీ హద్దు పెట్టుకుంటారు. నా దగ్గరకు వచ్చిన ఒకాయన 60 రోజులు సాధించి సంతోషపడ్డాడు, లిమిట్ మాత్రం పాతదే ఉండిపోయింది. రెండో నెల మధ్యలో బాకీ ఆ హద్దు తాకగానే సప్లయర్ సిస్టమ్ కొత్త బిల్లు ఆపేసింది, సరుకు లేక ఆయన మెషీన్ ఆగింది. మీ లిమిట్ 10 లక్షలే అయితే మీకూ అదే జరుగుతుంది. నెలకు 8 లక్షల కొనుగోలుకు 60 రోజులంటే 16 లక్షల లిమిట్ కావాలి. రెండూ కలిపే అడగండి. సేల్స్ మనిషి ఊ అంటే సరిపోదు, అకౌంట్స్ చూసేవారి నుంచో యజమాని నుంచో రాతలో రావాలి.

ఒక బిల్లు సమయానికి కట్టిన మర్నాడు ఫోన్ చేసి విషయం చెప్పి, తర్వాత ఇలా పంపండి:

"నమస్కారం అండీ. నాలుగేళ్లుగా మీ దగ్గరే షీట్లు తీసుకుంటున్నాం. నిరుడు నెలకు 5 లక్షలున్న మా కొనుగోలు ఇప్పుడు 8 లక్షలకు పెరిగింది. గత 12 నెలల 26 బిల్లుల్లో 23 గడువులోపు కట్టాం, మూడు ఆలస్యమయ్యాయి, ఎక్కువలో ఎక్కువ 5 రోజులు. తేదీల పట్టిక జత చేశాను. మా కస్టమర్లు 45 రోజులకు చెల్లిస్తారు. అందుకే వచ్చే నెల 1 నుంచి వేసే బిల్లులకు గడువు 60 రోజులు, క్రెడిట్ లిమిట్ 16 లక్షలు చేయమని కోరుతున్నాను. పాత బిల్లులు 30 రోజులకే కడతాం. రాబోయే ఆరు నెలలు నెలకు కనీసం 6.5 లక్షల సరుకు తీసుకుంటాం. ముందు మూడు నెలలు చూసి, ఒక్క బిల్లు తేదీ దాటినా పాత గడువుకు మార్చేయండి."

ఆయన ధర పెంచుతానంటే వెంటనే సరే అనకండి. 30 రోజుల అదనపు గడువుకు 2 శాతం పెంచితే నెలకు 16,000 పోతుంది. అదే డబ్బు ఓవర్‌డ్రాఫ్ట్‌లో ఉంటే వడ్డీ 8,000. ఏడాదికి చూస్తే మీరు 24 శాతం వడ్డీ కట్టినట్టు. 1 శాతం దాటితే ఓవర్‌డ్రాఫ్టే నయం.

45 రోజులు ఇస్తానంటే తీసుకోండి. షీటు వచ్చి పెట్టె అయి బయటకు వెళ్లడానికి 15 రోజులు పడితే, ఆపై 45 రోజులకు డబ్బు వస్తుంది కాబట్టి మీ చక్రం 60 రోజులు. ఇప్పుడు 30 రోజుల వెలితి ఉంది, 45 దొరికితే అది సగమవుతుంది. లేదా పెరిగిన 3 లక్షల సరుకుకే 60 రోజులు అడగండి, పాత 5 లక్షల మీద ఆయన రిస్క్ అలాగే ఉంటుంది కాబట్టి ఒప్పుకోవడం తేలిక. చాలా దేశాల్లో చిన్న సప్లయర్లకు ఇన్ని రోజుల్లోగా కట్టాలని చట్టమే హద్దు పెడుతుంది. సంతకానికి ముందు మీ అకౌంటెంట్‌ని అడిగి చూసుకోండి.

60 దొరికితే కొత్త గడువు మొదలైన తర్వాతి నెలలో మీరు కట్టాల్సిన బిల్లే ఉండదు. అప్పుడు చేతిలో మిగిలే 8 లక్షలు లాభంలా కనబడతాయి, కానీ అది ఒక్కసారే జరిగేది. ఆ పై నెల నుంచి పాత లెక్కే, నెలకు 8 లక్షలు కట్టాలి. ఆ డబ్బును మెషీన్‌కో ఇంటి ఖర్చుకో వాడకుండా అదే వారం ఓవర్‌డ్రాఫ్ట్‌లో వేసేయండి. కొత్త గడువులో మొదటి బిల్లును 60వ రోజు దాకా ఆపకుండా 57వ రోజే కట్టండి. ఆయన మొదట చూసేది ఆ బిల్లునే.