షార్ప్‌లో చివర, ట్రెయినర్‌లో మొదట: ఏ ర్యాంకు రాయాలి?

ప్రశ్న: ఎంబీఏ ఫైనాన్స్ చదువుతున్నాను. ఇన్వెస్ట్‌మెంట్స్ అసైన్‌మెంట్‌లో మూడు మ్యూచువల్ ఫండ్ల 36 నెలల డేటా ఇచ్చారు. షార్ప్ రేషియోలో ఫార్మా ఫండ్ చివర వచ్చింది, ట్రెయినర్‌లో అదే మొదట వచ్చింది. లెక్క తప్పానేమోనని టెన్షన్‌గా ఉంది. ఏ ర్యాంకు రాయాలి?

జవాబు: మీరు పంపిన లెక్క సరిగ్గానే ఉంది. రిస్క్ లేని రాబడి 7 శాతం, మార్కెట్ రాబడి 12 శాతం, మార్కెట్ ఒడుదొడుకు (స్టాండర్డ్ డీవియేషన్) 15 శాతం.

| ఫండ్ | రాబడి % | ఒడుదొడుకు % | బీటా | షార్ప్ | ట్రెయినర్ |
|---|---|---|---|---|---|
| లార్జ్ క్యాప్ | 13 | 16 | 1.0 | 0.38 | 6.0 |
| ఫార్మా | 14 | 25 | 0.7 | 0.28 | 10.0 |
| మిడ్ క్యాప్ | 16 | 22 | 1.4 | 0.41 | 6.4 |

రెండు రేషియోల్లోనూ పైన ఉండేది ఒకటే, రాబడిలోంచి 7 తీసేయగా మిగిలింది. షార్ప్ దాన్ని మొత్తం ఒడుదొడుకుతో భాగిస్తుంది, ట్రెయినర్ బీటాతో, అంటే మార్కెట్‌తో పాటు కదిలే భాగంతో మాత్రమే. ఫార్మా ఫండ్ ఒడుదొడుకులో మార్కెట్ వాటా ఎంతో చూడండి. 0.7ను 15తో గుణిస్తే 10.5. దాని వర్గాన్ని 25 వర్గంతో భాగిస్తే 0.18 వస్తుంది. ఇదే ఆర్-స్క్వేర్. మిగతా 82 శాతం ఆ రంగానికి సొంతమైన రిస్క్. ట్రెయినర్‌కు అది కనిపించదు. మిగతా రెండు ఫండ్ల ఆర్-స్క్వేర్ 0.9 దగ్గర ఉంది, అందుకే వాటి మధ్య రెండు రేషియోలూ ఒకే వరుస ఇచ్చాయి.

ఇక ఎవరి డబ్బు అన్న ప్రశ్న. పొదుపంతా ఒకే ఫండ్‌లో పెట్టే మనిషికి ఆ 82 శాతం కూడా భరించాల్సిందే, కాబట్టి షార్ప్ చూడాలి. ఇప్పటికే రకరకాల ఫండ్లున్న పోర్ట్‌ఫోలియోలో ఇదొక చిన్న ముక్కయితే, సొంత రిస్క్ చాలావరకు మిగతావాటిలో కలిసి సర్దుకుంటుంది. అక్కడ ట్రెయినర్ చూడటమే న్యాయం. చాలామంది విద్యార్థులు ఇంతవరకు రాసి ఆపేస్తారు.

నేనైతే ఇంకో అడుగు వేస్తాను. ఆ 0.7 బీటా ఎంత గట్టిది? 36 నెలలతో, ఇంత తక్కువ ఆర్-స్క్వేర్‌తో దాని స్టాండర్డ్ ఎర్రర్ సుమారు 0.25 వస్తుంది. అంటే అసలు బీటా 0.2 నుంచి 1.2 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. 1.2 అనుకుంటే ట్రెయినర్ 5.8కి పడిపోతుంది. మొదటి ర్యాంకు ఫండ్ కాస్తా చివరికి పోతుంది! జెన్సెన్ ఆల్ఫా కూడా 3.5 నుంచి 1కి దిగుతుంది, ఎందుకంటే అదీ ఆ బీటా మీదే నిలబడింది. మీ ఎక్సెల్ రిగ్రెషన్ ఫలితాల్లో బీటా పక్కనే Standard Error ఉంటుంది, చూసుకోండి.

కాబట్టి షార్ప్ ర్యాంకును ముందు పెట్టి, ఫార్మా ట్రెయినర్ పక్కన ఆర్-స్క్వేర్ 0.18 అని రాయండి. వీలైతే నిఫ్టీ 50 బదులు నిఫ్టీ ఫార్మా సూచీతో బీటా మళ్లీ కట్టి, విడిగా చూపించండి. ఆ కొత్త బీటాను మాత్రం మిగతా రెండు ఫండ్ల వరుసలో కలపకండి, కొలబద్ద మారిపోయింది కదా. ఎనలిస్ట్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో మీ ప్రాజెక్ట్ తెరిచి మొదట అడిగేది కూడా "ఈ బీటా దేనితో కట్టావు?" అనే కావచ్చు.