జుగ్‌జ్వాంగ్: ఎత్తు వేయక తప్పని చిక్కు

చదరంగంలో జుగ్‌జ్వాంగ్ అంటే ఏమిటి? ఆ జర్మన్ మాటే ఎందుకు నిలిచింది?

హన్మకొండలో మా పిల్లలకు నేను చూపే స్థితి ఇది: నల్ల రాజు e8లో, తెల్ల బంటు e7లో, తెల్ల రాజు d6లో ఉన్నారు. ఎత్తు నల్లదైతే, రాజుకు f7 తప్ప దారి లేదు. అప్పుడు తెల్ల రాజు d7కు చేరి బంటును మంత్రిగా మారుస్తాడు. ఊరికే కూర్చునే వీలుంటే నల్ల గట్టెక్కేది, కానీ చదరంగంలో వంతు వదులుకోవడం కుదరదు. ఈ చిక్కే జుగ్‌జ్వాంగ్. ఎత్తు తెల్లదైతే మాత్రం ఆట డ్రానే, ఎందుకంటే రాజు e6కు వెళితే నల్లకు కదలికే ఉండదు, మరెక్కడికి వెళ్లినా బంటు పోతుంది.

జర్మన్‌లో 'జుగ్' అంటే ఎత్తు, 'జ్వాంగ్' అంటే బలవంతం. పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ చదరంగ రచనల్లో స్థిరపడిన ఈ మాటను అప్పటి ప్రపంచ చాంపియన్ లాస్కర్ 1905లో ఇంగ్లీషులో వాడాడు. మనం ఒక వాక్యంలో చెప్పేదాన్ని అది ఒక్క మాటలో చెబుతుంది కనుక, రష్యన్లు సైతం దాన్నే ఉంచుకున్నారు.