నెలకు ఏడున్నర పౌండ్లే కదా అనుకునే ముందు

తమ్ముడూ, ఇంగ్లండ్‌లో రెడింగ్‌లోని అద్దె ఇంటికి కొత్త వాషింగ్ మెషీన్ 379 పౌండ్లకు కొన్నావు. కంపెనీవాడు రెండేళ్ల గ్యారంటీ ఇచ్చాడు. దాని మీద షాపువాడు నెలకు ఏడున్నర పౌండ్ల చొప్పున మెషీన్ చెడిపోతే బాగుచేస్తామనే ఐదేళ్ల కేర్ ప్లాన్ రాయించాడు. ఉంచుకోవాలా, తీసేయాలా అని అడిగావు. తీసేయమంటాను.

ముందు లెక్క చూడు. ఏడాదికి 90 పౌండ్లు, ఐదేళ్లకు 450. అంటే మెషీన్ ధరకంటే ఎక్కువ. అందులో మొదటి రెండేళ్లకు కట్టే 180 పౌండ్లు చాలావరకు వృథానే, ఎందుకంటే ఆ కాలంలో పార్టు పోతే కంపెనీయే ఉచితంగా బాగు చేయాలి. పొరపాటున మనమే పగలగొడితే కూడా చేస్తామని ప్లాన్‌లో ఉంటుంది, కానీ వాషింగ్ మెషీన్‌ని ఎవరు పగలగొడతారు? ఇక మిగిలిన మూడేళ్లకు 270. ఆ మూడేళ్లలో నీటి పంపు ఒకసారి మార్పించుకున్నా, అంత కాదు.

నేను లెస్టర్‌లో దిగిన కొత్తలో ఈ లెక్క వేసుకోలేదు. జీతం చేతికొచ్చిన ఆనందంలో షాపులో అబ్బాయి చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. మెషీన్ చెడిపోతే ఈ దేశంలో ఎవరిని పిలవాలో తెలియదన్న భయం ఒకటి. మన ఊళ్లో అయితే వీధి చివర మెకానిక్ ఉంటాడు, ఫోన్ చేస్తే సాయంత్రానికి వస్తాడు. ఇక్కడ ఎవరూ లేరనిపించి, నెలనెలా డబ్బు కట్టి ఆ టెన్షన్ తగ్గించుకున్నాను.

మూడో ఏడు శనివారం పొద్దున మెషీన్ నీళ్లు తోడటం మానేసింది. డ్రమ్ నిండా నీళ్లు, లోపల బట్టలు. ప్లాన్‌వాళ్లకి ఫోన్ చేస్తే ఇంజినీరు వచ్చాడు. కింద మూలన ఉన్న చిన్న మూత తీసి, ఫిల్టర్ విప్పి, ఒక నాణెం, రెండు జడ పిన్నులు బయటికి లాగాడు. “ఇది లోపం కాదు, అడ్డుపడటం. మీ కవర్‌లోకి రాదు” అని 70 పౌండ్ల బిల్లు ఇచ్చి వెళ్లాడు. అప్పటిదాకా కట్టినదంతా పోగా ఇదొకటి. కాగితాలు తీసి చదివితే నిజంగానే రాసి ఉంది: అడ్డంకులు, నీటి సున్నం వల్ల వచ్చే చెడు, తప్పుగా బిగించడం, ఇవేవీ వాళ్ల బాధ్యత కాదు. మనకు ఎక్కువగా ఎదురయ్యేవి అవే.

ఆ పని నువ్వే చేసుకోవచ్చు. ప్లగ్ తీసెయ్. నీళ్లు వేడిగా ఉంటే చల్లారనివ్వు. కింది మూత తెరిచి, చిన్న గొట్టం ఉంటే దాన్ని పళ్లెంలోకి వంచి నీళ్లు వదులు. గొట్టం లేకపోతే కింద పాత తువ్వాలు వేసి ఫిల్టర్‌ని మెల్లగా తిప్పు, ఒక్కసారి లాగితే వంటిల్లంతా నీళ్లే. ఫిల్టర్ కడిగి, లోపల ఉన్న పంపు రెక్కను వేలితో తిప్పి చూడు. ఆగి ఆగి, కుదుపులతో తిరిగితే భయపడకు, దాని స్వభావం అంతే. అసలు కదలకపోయినా, ఏ అడ్డూ లేకుండా తేలిగ్గా గిరగిరా తిరిగినా అప్పుడు పంపుని అనుమానించాలి. రెండు నెలలకోసారి ఇది చేస్తే, ‘ఏడాదికోసారి సర్వీసు’ అని అమ్మేదాంట్లో సగం పని అయిపోయినట్టే. గ్యాస్ బాయిలర్‌కి ఏటా సర్వీసు అవసరం, అది వేరే సంగతి. వాషింగ్ మెషీన్‌కి ఏటా మనిషి రానక్కర్లేదు. రెడింగ్ నీళ్లు మన బోరు నీళ్లలా సున్నం ఎక్కువవి, కాబట్టి పౌడరు డబ్బా మీద కఠిన జలానికి రాసిన మోతాదే వెయ్యి, అప్పుడప్పుడు సున్నం తీసే మందు వేసి ఖాళీ మెషీన్ తిప్పు.

ప్లాన్ లేకుండా పెద్ద జబ్బు వస్తే ఎలా అంటావు. పెద్ద జబ్బంటే బేరింగులు. నీళ్లు పిండేటప్పుడు విమానం లేచినంత రొద వస్తుంది. మెషీన్ ఆపి, తలుపు తీసి, డ్రమ్ అంచుని పైకి ఎత్తి చూడు, లోపల గట్టిగా కాకుండా లడలడమని కదిలితే అవే. చాలా మెషీన్లలో డ్రమ్ చుట్టూ ఉన్న తొట్టిని అతికించేస్తారు. బేరింగులు ఒక్కటే మార్చడానికి వీలుండదు, తొట్టి మొత్తం మార్చాలి. ఆ ఖర్చుకు దాదాపు కొత్త మెషీన్ వస్తుంది.

మా రెండో మెషీన్‌కి నాలుగో ఏట ఇదే వచ్చింది. అప్పటికి నాకు ప్లాన్ లేదు, తెలివి వచ్చింది. 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం అమ్మిన వస్తువు సరైన కాలం మన్నాలి, జవాబుదారీ కంపెనీ కాదు, అమ్మిన షాపు. ఇంగ్లండ్‌లో ఆరేళ్ల దాకా, స్కాట్లండ్‌లో ఐదేళ్ల దాకా అడగవచ్చు. మొదటి ఆరు నెలలు దాటాక లోపం మొదటినుంచీ ఉందని మనమే చూపించాలి. అందుకే బయటి ఇంజినీరుకి డబ్బిచ్చి, బేరింగులు ముందుగా అరిగిపోయాయని కాగితం రాయించుకున్నాను. షాపు మొదట గ్యారంటీ అయిపోయిందంది. “గ్యారంటీ అడగడం లేదు, చట్టం ప్రకారం అడుగుతున్నా” అని రసీదు, రిపోర్టు జతచేసి ఈమెయిల్ రాశాను. వాడిన నాలుగేళ్లకు కొంత తగ్గించుకుని మిగిలినది వెనక్కి ఇచ్చారు. ఆ రోజు నాకు కలిగిన ధైర్యం ఏ ప్లాన్ కట్టినా కలగలేదు. నువ్వు క్రెడిట్ కార్డు మీద కొని ఉంటే ఇంకా మేలు, ధర 100 పౌండ్లు దాటింది కాబట్టి షాపు మూతపడినా కార్డు కంపెనీని అడగవచ్చు.

ప్లాన్ ఎవరికి పనికొస్తుందంటే, చంటిబిడ్డ ఉండి, ఒక్కసారిగా 400 పౌండ్లు తీయలేని ఇంటికి. ఖరీదైన వాషర్ డ్రయ్యర్ అయినా ఆలోచించవచ్చు. నీకు రెండూ వర్తించవు. ఆ ఏడున్నరే వేరే ఖాతాలో వేసుకో, రెండేళ్లయ్యేసరికి 180 పౌండ్లు నీ దగ్గరే ఉంటాయి. ఇల్లు మారేటప్పుడు కొత్త ఇంటి ఓనరు తన మెషీన్ పెట్టి ఉంటే నీది అమ్మేయాల్సి రావచ్చు, అప్పుడు కూడా ప్లాన్ డబ్బు మాత్రం నీ బ్యాంకునుంచి పోతూనే ఉంటుంది. నాకు అలాగే కొన్నాళ్లు పోయింది, పాత ఇంట్లో వదిలేసిన మెషీన్‌కి! స్టేట్‌మెంట్‌లో చిన్న అంకెలు కంటికి ఆనవు, అదే నా బాధ. మోసుకెళ్లేటప్పుడు డ్రమ్ కదలకుండా పట్టి ఉంచే, మెషీన్ వెనక తీసిన రవాణా బోల్టులు మాత్రం పారెయ్యకు, ఇల్లు మారేరోజు అవి మళ్లీ బిగించాలి.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. ఏడాదికి మించిన ప్లాన్ అయితే, ఏ క్లెయిమూ చేయకపోతే 45 రోజుల్లోపు మొత్తం డబ్బు తిరిగి ఇవ్వాలి, ఆ తర్వాతైతే మిగిలిన కాలానికి తగినంతే వస్తుంది. నువ్వు కొని మూడు వారాలే అన్నావు. ప్లాన్ నంబరు వేసి ఈరోజే ఈమెయిల్ పంపు, రద్దు అయిందని వాళ్ల జవాబు వచ్చేవరకు ఆగి, ఆ తర్వాతే బ్యాంకులో డైరెక్ట్ డెబిట్ ఆపు. కట్టినది తిరిగి వచ్చిందో లేదో వచ్చే నెల స్టేట్‌మెంట్‌లో చూసుకో.