వెళ్ళేముందు పెట్టే హ్యాండోవర్ మెయిల్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: మా అబ్బాయి బెంగళూరు పీణ్యలో ఒక చిన్న యూనిట్‌లో అకౌంట్స్ చూస్తున్నాడు. డేటా అనలిటిక్స్ కోర్సు కోసం మానేస్తున్నాడు. ఆగస్టు 10 ఆఖరి రోజు. కొత్తగా వచ్చినావిడకి హ్యాండోవర్ మెయిల్ పెట్టమన్నారు. అన్నీ రాస్తే వాడి పొరపాట్లు బయటపడి రిలీవింగ్ లెటర్ ఆపుతారేమోనని భయం. రెండు ముక్కలు రాసి పంపితే సరిపోదా సార్?

జవాబు: సరిపోదండీ. పొరపాటు ఎలాగూ ఆడిటర్ కంట పడుతుంది. అప్పటికి మీవాడు అక్కడ ఉండడు కాబట్టి దాచాడనే అనుకుంటారు. ముందే రాసి ఉంటే అది కూడా పనిలో ఒక వివరమే అవుతుంది.

ఉదాహరణకి జూన్‌లో ఒక క్రెడిట్ నోటు 12,000 బదులు 21,000గా ఎక్కిందనుకోండి. నోటు నంబరు రాసి, 'జులై అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో 9సి పట్టికలో సవరించాలి, గడువు ఆగస్టు 11' అని చెబితే చాలు. 'జీఎస్టీ పని నడుస్తోంది' అని మాత్రం రాయొద్దు. గడువు వాడు వెళ్ళిన మర్నాడే, ఆ ముక్కతో ఆవిడ ఏం చేయగలదు?

తేలని విషయాలకి ఇంకాస్త చోటివ్వాలి. ఒక సప్లయర్ 2 లక్షల బిల్లు జూన్ 2బీలో, అంటే సప్లయర్లు ఎక్కించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే పట్టీలో, కనిపించలేదు కాబట్టి 36,000 జీఎస్టీ ఆపి మిగతాది కట్టారనుకుందాం. కారణం తెలియకపోతే సప్లయర్ గట్టిగా ఫోన్ చేయగానే ఆవిడ ఆ డబ్బు పంపేస్తుంది. 'ఆగస్టు 14న వచ్చే 2బీలో బిల్లు ఉంటే ఇచ్చేయండి, లేకపోతే మేనేజర్ గారిని అడగండి' అని రాయాలి. నిర్ణయం ఎవరిదో కూడా అందులోనే ఉంది చూడండి.

ఫోన్ నంబర్ల విషయంలోనూ అంతే. ఆడిటర్ గారి నంబరు అందరి దగ్గరా ఉంటుంది. ఆయన ఆఫీసులో మన ఫైలు నిజంగా చూసే కుర్రాడి నంబరు ఇవ్వాలి.

చాలామంది మర్చిపోయేది ఓటీపీ. జీఎస్టీ పోర్టల్‌లో మీవాడి మొబైల్ నంబరే ఉంటే, రిటర్న్ వేసే రోజున ఓటీపీ వాడికే వస్తుంది. యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని, నాన్-కోర్ సవరణలో నంబరు మార్పించి, మార్చిన తేదీ మెయిల్‌లో రాయాలి. పాస్‌వర్డ్‌లు మాత్రం మెయిల్‌లో వద్దు, యజమాని చేతికే ఇవ్వాలి.

కోర్సు గురించి మీరు అడగలేదు, అయినా నాకున్న అనుమానం చెప్పాలి. ఇంకో ఉద్యోగం చేతిలో లేకుండా దీనికోసం మానేసినవాళ్ళు నా దగ్గరికి చాలామందే వస్తున్నారు. కొనుగోళ్ళ రిజిస్టరునీ 2బీనీ ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టి తేడా పట్టడం కూడా డేటా పనే. మీవాడు అది ప్రతి నెలా చేస్తున్నాడు. సాయంత్రం బ్యాచ్ ఉందేమో కనుక్కున్నారా?

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఉద్యోగం చేసేది వాడు. 'ఎక్కువ రాయకురా' అని మీరు చెబితే, రేపు ఆఫీసు నుంచి వచ్చే ఫోన్లకి జవాబు చెప్పుకోవాల్సింది వాడే. ఆ మెయిల్ వాణ్ణే రాయనివ్వండి. 7వ తేదీకల్లా పంపి, మేనేజర్‌ని కాపీలో పెట్టమనండి. మిగిలిన మూడు రోజుల్లో ఆవిడ సందేహాలు ఎదురుగానే తీర్చొచ్చు.