వెనక వరసలో ఏమీ పెట్టకు, చిన్నీ

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు పుస్తకాల షెల్ఫ్ మొత్తం ఖాళీ చేసి కొత్తగా సర్దబోతున్నావని చెప్పాడు. భలే సంతోషం వేసింది. అయిదేళ్లప్పుడు పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని గడగడా కథ చెప్పేసిన పిల్లవి, ఇప్పుడు నీకంటూ ఓ షెల్ఫ్. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం "రంగులవారీగా సర్దుతుందట, చూడ్డానికి బాగోని పాతవన్నీ తీసి వెనక్కి నెట్టేస్తుందట" అన్నాడు. ఆ 'వెనక్కి' అన్న మాట దగ్గర నాకు నిద్ర ఎగిరిపోయింది. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. షెల్ఫ్‌ని పైనుంచి మేకులతో గోడకి బిగించు. బరువైనవి కింది అరలో పెట్టు. ఎండ నేరుగా పడే చోటు వద్దు, ఎర్ర అట్టలు, పసుపు అట్టలు ముందు వెలిసిపోతాయి. అయిపోయింది. ఇవి నీకూ తెలుసు.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను, కొలతలు మీ నాన్నని అడిగి రాసుకున్నాను. అయిదు అరలు, ఒక్కోటి 80 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతు. పుస్తకాలు సుమారు 170. సగటున ఒక్కో పుస్తకం మందం 2 సెంటీమీటర్లు అనుకుంటే అరకి 40, మొత్తం 200 పడతాయి. అంటే నీ పుస్తకాలన్నీ పడతాయి. చిక్కంతా అక్కడే ఉంది. పట్టాయి కదా అని అన్నీ పెట్టేస్తాం. అరలో మూడింట రెండు వంతులే నింపితే కంటికి ఊపిరి ఆడుతుంది. ఆ లెక్కన అరకి 26, మొత్తం 130. నలభై పుస్తకాలు బయటికి రావాలి. ఏ పూలకుండీ కొన్నా, ఏ రంగు దీపం పెట్టినా ఈ నలభై కదలకపోతే అది గోడౌన్‌లాగే ఉంటుంది.

ఏ నలభై? ఇక్కడే నా భయం. చిరిగినవీ మాసినవీ కాదు తీయాల్సింది. ఒకటికి రెండు కాపీలున్నవి, పని అయిపోయిన పరీక్షల పుస్తకాలు, ఎవరో బహుమతిగా ఇస్తే మొహమాటానికి ఉంచినవి, ఇరవై పేజీల దగ్గర ఆపేసి మళ్లీ ముట్టనివి. చేతిలోకి తీసుకుని "దీన్ని ఎవరైనా అడిగితే దీని గురించి రెండు మాటలు చెప్పగలనా?" అని చూసుకో. చెప్పగలిగితే ఉంచు, వెన్ను అతుకులు వేసి ఉన్నా సరే. వెన్ను నలిగిన నాలుగైదు పుస్తకాలు ఒకే చోట పక్కపక్కన ఉంటే అదో అందం. అవే అయిదు చోట్ల చెల్లాచెదురుగా ఉంటే చిందరవందర.

ఇక లోతు గురించి. ఇది ఎవరూ చెప్పరు. మామూలు పేపర్‌బ్యాక్ వెడల్పు 13 సెంటీమీటర్లు. నీ అర లోతు 30. పుస్తకాన్ని గోడ దాకా నెట్టేస్తే ముందు 17 సెంటీమీటర్ల జాగా మిగులుతుంది. ఖాళీ జాగా ఊరికే ఉంటుందా? ఫోటోలో లెక్కపెట్టాను: తాళాలు, మాత్రల షీటు, ఛార్జర్, దువ్వెన, రెండు పెన్నులు, కళ్లజోడు పెట్టె... పదకొండు వస్తువులు. నీ షెల్ఫ్ చిందరవందరగా కనిపించడానికి కారణం పుస్తకాలు కాదే, పిచ్చిదానా, వాటి ముందున్న ఆ అరుగు!

కాబట్టి ఒక్కో పుస్తకాన్నీ ముందుకి లాగు. అర అంచుకి ఒక వేలు లోపలికి అన్ని వెన్నులూ ఒకే గీతలో నిలబడాలి. పొట్టివీ పొడుగువీ, సన్నవీ లావువీ అన్నీ కలిసి ఉన్నా, ముందు గీత ఒక్కటైతే కన్ను దాన్ని ఒక వరసగానే చూస్తుంది. తాళాలు పెట్టుకోవడానికి చోటూ ఉండదు. నేను చూసిన మార్పుల్లో ఖర్చు లేకుండా అన్నిటికన్నా ఎక్కువ తేడా తెచ్చేది ఇదే.

కానీ అలా లాగగానే ఆ 17 సెంటీమీటర్లు వెనక్కి పోతాయి. నా కథ అక్కడ మొదలైంది.

మొదటిసారి సొంతంగా ఇల్లు పెట్టుకున్నప్పుడు నాకూ ఇలాంటి లోతైన షెల్ఫే ఉండేది. గట్టి అట్టల పుస్తకాలు, ఒకే సైజు సంపుటాలు ముందు వరసలో పెట్టాను, ముదురు రంగు నుంచి లేత రంగుకి. బాగోనివన్నీ వెనక రెండో వరసలో దాచాను. వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు. "ఎంత పొందిగ్గా ఉందో" అన్నారు. నేనూ పొంగిపోయాను. షెల్ఫ్ ఆనుకుని ఉన్నది బయటి గోడ. వర్షం వస్తే చెమ్మ పీల్చుకునే గోడ. వెనక వరసలో గాలి ఆడడానికి వేలు పట్టే సందు కూడా లేదు. అదేమీ నాకు తట్టలేదు. వెనకవి కనపడకపోవడమే నేను కోరుకున్నది కదా.

మూడేళ్లు గడిచాక మీ తాతయ్య వచ్చి ఉన్నారు. ఏదో మాటకి అర్థం దగ్గర మా ఇద్దరికీ వాదన వచ్చింది. "నా నిఘంటువు తెచ్చావు కదా, తీయవే" అన్నారు. ఆయన కాలేజీ రోజుల నుంచీ వాడినది, మార్జిన్ల నిండా సిరా పెన్నుతో రాసుకున్న మాటలు. ఎక్కడ పెట్టానో నాకు గుర్తు లేదు. ముందు వరసలో పుస్తకాలు తీస్తూ పోయాను, పదకొండో పుస్తకం తీశాక కనిపించింది. వెనక అట్ట మీద తెల్లగా బూజు. తెరవబోతే పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. వెండిరంగులో మెరిసే పురుగొకటి జర్రున లోపలికి పాకింది, వెన్ను దగ్గర జిగురంతా కొరికేసి ఉంది. మార్జిన్లలో ఆయన అక్షరాలు చెమ్మకి అలికిపోయి నీలం మరకలయ్యాయి.

తిడతారనుకున్నాను. తిట్టలేదు. పొడి గుడ్డతో అట్ట తుడిచి, విసనకర్రలా పేజీలు విప్పి, ఫ్యాన్ గాలికి నీడన నిలబెట్టారు. కాసేపాగి "అంటే మూడేళ్లుగా దీన్ని ఎవరూ తీయలేదన్నమాట" అన్నారు. అంతే. ఆ మాట ఇప్పటికీ ఏ షెల్ఫ్ ముందు నిలబడ్డా నా చెవిలో పడుతుంది.

అందుకే చెబుతున్నాను, రెండో వరస పెట్టకు. ఆ ఖాళీని ఖాళీగానే ఉంచు. పుస్తకాలు వెనక్కి జారిపోతున్నాయనుకుంటే, వాటి వెనక సన్నటి చెక్క పట్టీ ఒకటి అడ్డంగా నిలబెట్టు, రెండు చివర్లూ తెరిచి ఉంచి. షెల్ఫ్‌నే గోడకి రెండు అంగుళాలు ఎడంగా పెట్టు, బిగించేటప్పుడు మధ్యలో చెక్కముక్క పెడితే సరిపోతుంది. నెలకోసారి ఒక అరలో మధ్య పుస్తకం తీసి వెనక గోడని అరచేత్తో తడుము. చల్లగా, తడిగా తగిలినా, మట్టి వాసన వచ్చినా ఆ అర మొత్తం దించేయాలి. తీసేసిన నలభైలో ఇచ్చేయనివి అట్టపెట్టెలో పెట్టి, లోపల ఏమున్నాయో పేర్లు రాసి పెట్టె మీద అంటించు.

రంగులవారీగా అన్నావట. నీకు పుస్తకం పేరు కన్నా అట్ట రంగు ముందు గుర్తొస్తుందా? అయితే సర్దుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ మూడు సంపుటాల నవల మూడు రంగుల్లో ఉంటే మూడు అరల్లోకి విడగొడతావా? నాకైతే ఒళ్లు మండుతుంది. నా మాట వింటే ముందు విషయం ప్రకారం గుంపులు చెయ్యి: కథలు, చరిత్ర, కవిత్వం, నీ ఉద్యోగం పుస్తకాలు. ఒక్కో గుంపు లోపల పొడుగు నుంచి పొట్టికి మెల్లగా దిగనివ్వు, రంపం పళ్లలా ఎగుడుదిగుడు లేకుండా. గుంపు మారే చోట మళ్లీ ఎత్తు మారితే అది కావాలని చేసినట్టే ఉంటుంది.

గుంపుకీ గుంపుకీ మధ్య అడ్డు కావాలి, లేకపోతే పేపర్‌బ్యాక్‌లు వాలిపోయి వెన్నులు మెలి తిరుగుతాయి. మూడు నాలుగు పెద్ద పుస్తకాలు పడుకోబెట్టి దొంతర పెట్టు, పెద్దది అడుగున. అయిదు దాటితే అడుగుది తీయాలనిపించదు. తీయాలనిపించని పుస్తకం ఏమవుతుందో పైన రాశాను. అలాగని బిగించి కూరకు కూడా. వెన్ను మధ్యలో రెండు వేళ్లతో పట్టుకుంటే పుస్తకం బయటికి రావాలి. పై అంచు పట్టి లాగాల్సి వస్తే ఒకటి తీసేయాలి.

బొమ్మలు, ఫోటోలు అంటావా, మూడు అరల్లో ఒక్కోటి చాలు. పక్కనున్న పుస్తకంలో కనీసం సగం ఎత్తుండాలి. పిడికిట్లో పట్టే చిన్నచిన్నవి నాలుగు పెడితే దూరం నుంచి చెత్తలా కనిపిస్తాయి. పుస్తకాల ముందు పెట్టకు, మిగిల్చిన ఖాళీలో పెట్టు. ప్లాస్టిక్ ఆకుల తీగ మాత్రం కొనకు, దాని దుమ్ము నువ్వే తుడవాలి.

అంతా అయ్యాక గది ఆ చివర నిలబడి ఫోన్‌లో ఒక ఫోటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్ చెయ్యి. రంగులు పోగానే బరువెక్కడ పడిందో తెలుస్తుంది. ఒక మూల నల్లగా ముద్దలా ఉంటే అక్కడి నుంచి రెండు దొంతర్లు ఎదురు మూలకి మార్చు. ఒక్కరోజులో తేలదు. వారం పాటు అటూ ఇటూ జరుపుతూనే ఉంటావు. టెన్షన్ పడకు, వచ్చేవాళ్ల కోసం కాదు కదా.

ఇంకో మాట. ఆ నిఘంటువు నా దగ్గరే ఉంది. కొత్తగా బైండింగ్ చేయించాను, అలికిపోయిన మాటల్లో చదవగలిగినవి పెన్సిల్‌తో పక్కన మళ్లీ రాశాను. నీకే పంపాలనుకుంటున్నాను. ఎత్తు 27 సెంటీమీటర్లు, మందం 7. పడుకోబెట్టకు, నిలబెట్టాలి, ముందు వరసలో, చెయ్యి అందే చోట. నీ రెండో అర ఎత్తు ఎంతో కొలిచి చెప్పు.

మీ అత్త