లోతు సముద్రంలో చేప నలిగిపోకపోవడానికీ నీచు వాసనకీ సంబంధం

"సముద్రం అడుగున అంత చీకటి, అంత చలి ఎందుకు? టైటానిక్ చూడ్డానికి వెళ్లిన జలాంతర్గామి నలిగిపోయింది కదా, మరి అక్కడి చేపలకి ఏమీ కాదా?"

నేను కాకినాడ దగ్గర చేపలు ఎగుమతి చేసే యూనిట్‌లో క్వాలిటీ పని చూస్తానండి. మీరు అడిగిన దాంట్లో మూడో సంగతికి మా పనితో దగ్గర చుట్టరికం ఉంది. అందుకని మొదటి రెండూ త్వరగా చెప్పేస్తాను.

చీకటికి కారణం నీళ్లే. వెలుతురులో ఎరుపు రంగుని నీళ్లు మొదటి కొన్ని మీటర్లలోనే మింగేస్తాయి, నీలం మాత్రం బాగా లోతుకి దిగుతుంది. 200 మీటర్లు దాటాక మసక, 1000 దాటాక ఎండ అన్నదే ఉండదు. ఇది తేట నీటి లెక్క. వరదల్లో గోదావరి ఎర్రనీళ్లు కలిసేచోట అయితే నాలుగడుగులు దిగితే చెయ్యి కనపడదు, అది బురద చేసే పని.

చలి సంగతి కొంచెం వింత. మన బంగాళాఖాతం పైన 28, 29 డిగ్రీలున్నా అడుగున ఒకటి రెండు డిగ్రీలే. ఆ అడుగు నీళ్లు మనవి కావు. అంటార్కిటికా దగ్గర గడ్డకట్టే చలికి బరువెక్కి మునిగిన నీళ్లు వందల ఏళ్లు నేలబారుగా పాకుతూ ఇక్కడికి చేరతాయి. మన పైనీళ్లు వెచ్చన, పైగా గోదావరి, గంగ లాంటి నదుల మంచినీళ్లు కలిసి తేలిక. అందుకని అవి కిందికి దిగవు, కింది చలి కిందే ఉండిపోతుంది.

ఇక ఒత్తిడి. పది మీటర్లు దిగిన ప్రతిసారీ మన మీదున్న గాలి మొత్తం వేసేంత బరువు పెరుగుతుంది. టైటానిక్ ఉన్న 3800 మీటర్ల దగ్గర వేలి గోరంత జాగా మీద దాదాపు 400 కిలోలు. 2023 జూన్‌లో ఆ జలాంతర్గామి నలిగింది లోపల మామూలు గాలి ఉండబట్టి. మూతపెట్టిన ఖాళీ సీసా లోతులో నలుగుతుంది, నిండా నీళ్లున్న సీసా నలగదు. చేప ఒళ్లంతా నీళ్లే, ఆ లోతులో కూడా నీళ్లు నూటికి రెండు వంతులైనా కుదించుకోవు. బయట ఎంత ఒత్తిడో లోపలా అంతే, కాబట్టి నలిపే తేడా లేదు.

గాలి ఉన్న చేపకే ఇబ్బంది. లోతు నుంచి గాలంతో గబగబా లాగిన ఎర్రచేపలు కొన్నిసార్లు నోట్లోంచి బుడగలాంటిది బయటికొచ్చి మా దగ్గరికి వస్తాయి. అది పొట్ట. పైకొచ్చేకొద్దీ లోపలి గాలితిత్తి ఉబ్బి దాన్ని బయటికి తోసేస్తుంది. బాగా లోతున బతికే చేపల్లో చాలావాటికి ఆ తిత్తే ఉండదు.

కానీ అంతటితో అయిపోదు. ఒళ్లు నలగకపోయినా లోపలి ప్రొటీన్లు దెబ్బతింటాయి. పని చేసేటప్పుడు ప్రొటీన్ రూపం మార్చుకోవాలి, కొన్నిసార్లు కాస్త ఎక్కువ జాగా కావాలి. ఒత్తిడి ఆ జాగా ఇవ్వదు, పైగా నీటి కణాల్ని ప్రొటీన్ మడతల్లోకి తోసి దాని రూపం చెడగొడుతుంది. దీనికి చేప దగ్గరున్న మందు టీఎంఏఓ అనే చిన్న పదార్థం. అది చుట్టూ ఉన్న నీళ్లని గట్టిగా పట్టుకుని ప్రొటీన్ జోలికి పోనివ్వదు.

మీకు ఇది తెలిసినదే, వేరే రూపంలో. చేప చచ్చాక బాక్టీరియా టీఎంఏఓని టీఎంఏ కింద మారుస్తుంది, సముద్రపు చేప నీచు వాసనలో పెద్ద వాటా దానిదే. చింతపండు, నిమ్మరసం పులుపు దాన్ని కట్టేస్తుంది, అందుకే పులుసులో వాసన తగ్గుతుంది. భీమవరం చెరువుల్లోని శీలావతి, బొచ్చె చేపల్లో టీఎంఏఓ చాలా తక్కువ. అందుకని సముద్రపు చేప తాజాదనానికి వాడే టీఎంఏ పరీక్ష చెరువు చేపకి పనికిరాదు.

లోతు పెరిగేకొద్దీ చేపల్లో టీఎంఏఓ కూడా పెరుగుతుంది. ఇక్కడే ఒక చిక్కు. మామూలు సముద్రపు చేప ఒంట్లో ఉప్పూ మిగతా కరిగిన పదార్థాలూ కలిపినా బయటి నీటిలో దాదాపు మూడో వంతే. టీఎంఏఓ పెరిగితే లోపలి గాఢత పెరుగుతుంది, సుమారు 8200 మీటర్ల దగ్గర అది బయటి నీటితో సమానమవుతుందని 2014లో పాల్ యాన్సీ అనే శాస్త్రవేత్త బృందం లెక్కగట్టింది. ఇంకా పెంచితే నీళ్లు ఒంట్లోకి చొరబడతాయి. 2022లో జపాన్ దగ్గరి అగాధంలో కెమెరాకి చిక్కిన అత్యంత లోతు చేప, నత్తచేప జాతిది, 8336 మీటర్ల దగ్గర కనిపించింది. లెక్క దాదాపు సరిపోయింది.

అంతకన్నా కింద, పదివేల మీటర్లు దాటాక కూడా రొయ్యకి దూరపు చుట్టాల్లాంటి చిన్న జీవులు దొరికాయి. వాటికి ఈ చిక్కు లేదు, ఎందుకంటే వాటి ఒంట్లో గాఢత మొదటి నుంచీ సముద్రంతో సమానమే. టీఎంఏఓ పెరిగినచోట వేరే పదార్థం తగ్గించుకుంటే సరిపోతుంది.