పల్లెల్లో నీళ్ల మిషన్ల డీలర్‌షిప్: 8 లక్షలు పెట్టే ముందు

ప్రశ్న: పెందుర్తిలో ఉంటాను. వీఆర్‌ఎస్ డబ్బులో 8 లక్షలు చేతిలో ఉన్నాయి. ఆనందపురం, పద్మనాభం, భీమిలి మండలాల పల్లెలకు వాటర్ ప్యూరిఫైయర్ డీలర్‌షిప్ ఇస్తామని ఒక కంపెనీ అంటోంది. 6 లక్షల సరుకు ముందే ఎత్తాలట. 40 వేల ఇళ్లున్నాయి, పదో వంతు కొన్నా 4 వేల మిషన్లు అంటున్నారు. దిగొచ్చా?

జవాబు: ఆ పదో వంతు ఏ లెక్కలోంచి వచ్చిందో ముందు వాళ్లనే అడగండి. జిల్లా సగటు అంటే మాత్రం ఒప్పుకోకండి. 2011 జనగణన, 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే రెండూ పాత విశాఖ జిల్లావి. అందులో నగరం ఉంది, అనకాపల్లి ఉంది, పాడేరు ఏజెన్సీ కూడా ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాను విడదీశారు. గాజువాకనీ అరకునీ కలిపి తీసిన సగటు పద్మనాభానికి పనికిరాదు.

జనగణనలో ఊరి వారీ ఇళ్ల సంఖ్య దొరుకుతుంది. దాన్ని గ్రామ సచివాలయంలో అడిగి నేటి సంఖ్యతో సరిచూసుకోండి. భీమిలి పట్టణం విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో కలిసిపోయింది కాబట్టి దాన్ని పల్లెల్లో లెక్కేయకండి. కుళాయి కనెక్షన్లు ఊరి వారీగా జల్ జీవన్ మిషన్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. అయితే కనెక్షన్ ఉందంటే రోజూ నీళ్లొస్తున్నాయని కాదు. అది ఊళ్లోకి వెళ్తేనే తెలుస్తుంది.

ఆరు ఊళ్లు ఎంచుకోండి. హైవే పక్కవి రెండు, లోపలివి నాలుగు. ఒక్కో ఊళ్లో పదిహేను ఇళ్లు, అదీ అన్ని వీధుల్లోనూ. పొలాల నుంచి వచ్చాక, సాయంత్రం పూట వెళ్లండి. "మిషన్ కొంటారా?" అని అడగొద్దు. మర్యాదకి అందరూ "చూద్దాం బాబూ" అంటారు. "నిన్న తాగిన నీళ్లు ఎక్కడివి? టిన్ను ఎంతకిచ్చారు? ఎన్ని రోజులొచ్చింది?" అని అడగండి. అరుగు మీద ఖాళీ టిన్నులు, లోపల ఫ్రిజ్ ఉన్నాయేమో చూడండి. ఫ్రిజ్ కొన్న ఇల్లు పన్నెండు వేల వస్తువు కొనగలదని నా అంచనా. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ ఒకటి కూడా పట్టుకెళ్లండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. ఆ లోపే ఉన్న ఊళ్లో ఉప్పదనం పేరు చెప్పి ఆర్‌ఓ అమ్మడం కష్టం. ఫ్లోరైడ్, నైట్రేట్ సంగతి మాత్రం ఆ మీటర్ చెప్పదు, నీళ్లు ల్యాబ్‌కి పంపాల్సిందే.

ఇప్పుడు ఉదాహరణకి 90 ఇళ్లలో ఇలా తేలిందనుకుందాం. ఫ్రిజ్ ఉన్నవి 36. వాటిలో 6 ఇళ్లలో ఇప్పటికే మిషన్ ఉంది, 8 ఇళ్లవాళ్లు కుళాయి నీళ్లే తాగుతున్నారు, మిగతా 22 ఇళ్లు టిన్నులు వేయించుకుంటున్నాయి. కంపెనీ ఈ 22 ఇళ్లనే మీ గిరాకీ అంటుంది. కానీ టిన్ను 15 రూపాయలు, రెండు రోజులకొకటి అయితే ఏడాదికి దాదాపు 2,700. పన్నెండు వేల మిషన్ ఆరేళ్లు నడిచినా ఏడాదికి 2,000, ఫిల్టర్లకీ సర్వీసుకీ మరో 3,000, మొత్తం 5,000. అంటే టిన్నే చవక! రోజుకో టిన్ను అయ్యే ఇంటికి ఏడాదికి దాదాపు 5,500 అవుతుంది, ఆ ఇంటికే మిషన్ గిట్టుబాటు. అలాంటివి 22లో 7 ఉన్నాయనుకోండి, 90లో దాదాపు 8 శాతం, 40 వేలలో 3,200 ఇళ్లు.

వాళ్లంతా ఒకే ఏడు కొనరు. ఆరేళ్లలో కొంటే ఏడాదికి 530, అందులో మీ వాటా పావు వంతు అనుకుంటే 130. తొంభై ఇళ్ల శాంపిల్‌లో ఈ 8 శాతం నిజానికి 2 అయినా కావచ్చు, 13 అయినా కావచ్చు. ఒకే ఊరి ఇళ్లు ఒకదానిలా ఒకటి ఉంటాయి కాబట్టి తేడా ఇంకా ఎక్కువే. 2 శాతమే నిజమైతే మీరు అమ్మేది ఏడాదికి 33. మిషన్‌కి 2,000 మిగిలినా 66 వేల నుంచి 2.6 లక్షలు. షాపు అద్దె, ఒక మెకానిక్ జీతం కలిపి నెలకి 23 వేలు అనుకున్నా ఏడాదికి 2.76 లక్షలు. మధ్య అంచనాకే ఖర్చులు రావడం లేదు.

మీ లెక్కని టిన్నుల ప్లాంటు దగ్గర ఒకసారి సరిచూడండి. ఆటో రోజుకి ఆ ఊరికి ఎన్ని టిన్నులు తెస్తుందో డ్రైవర్‌ని అడిగితే చెప్పేస్తాడు. ఇళ్లవాళ్లు చెప్పినదానికీ దానికీ పొంతన లేకపోతే, మీరు బాగున్న వీధులకే వెళ్లినట్టు.

నన్నడిగితే 6 లక్షల సరుకు ముందే ఎత్తాలన్న షరతు మీద సంతకం వద్దు. ఇప్పటికే మిషన్ ఉన్న ఆ 6 ఇళ్లు చూడండి, అదీ చిన్న సంఖ్యే కానీ అసలు ప్రశ్న అక్కడుంది: ఫిల్టర్ మార్చాల్సి వస్తే ఎవరిని పిలుస్తున్నారు? నగరం నుంచి మనిషి వారానికిగానీ రావడం లేదంటే సర్వీసుతో మొదలుపెట్టొచ్చు. ఒక మెకానిక్, విడిభాగాలు, ఒక బండి, లక్షన్నర లోపు. మిగతా ఆరున్నర లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. కంపెనీతో మాట్లాడేటప్పుడు, అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకుంటారా, ఎన్ని నెలల్లో డబ్బిస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. వాళ్లు రాసివ్వబోమంటే, మీకు చెప్పిన 4 వేల మిషన్ల మాట ఏమైందని అడగండి.